ఇన్సులేషన్‌లో బుడగ పడితే

33 కేవీ భూగర్భ కేబుల్‌లో ఒక కోర్‌ను అడ్డంగా కోస్తే మధ్యలో అల్యూమినియం లేదా రాగి కండక్టర్ కనిపిస్తుంది. దాని చుట్టూ పాలరంగులో మందంగా ఉండేది ఎక్స్‌ఎల్‌పీఈ, అంటే అణువుల గొలుసులను ఒకదానికొకటి ముడివేసి గట్టిపరిచిన పాలిథీన్. కండక్టర్‌లోని కరెంటు భూమిలోకి దూకకుండా ఆపేది ఈ పొరే. మంచి ఎక్స్‌ఎల్‌పీఈ మిల్లీమీటరు మందానికి 20 కేవీకి మించి తట్టుకోగలదు. పనిలో దాని మీద పడే ఒత్తిడి అందులో చిన్న భాగమే. అయినా ఈ పొర లోపల వెంట్రుకంత మందం గాలి ఖాళీ మిగిలిపోతే కొన్నేళ్లకు కేబుల్ అక్కడే పేలవచ్చు. గాలి ప్లాస్టిక్ కంటే బలహీనమన్నది సగం కారణమే. మిగతా సగం ఇంకా విచిత్రమైనది: ఆ బలహీనమైన గాలి మీదే విద్యుత్ క్షేత్రం ఎక్కువగా పడుతుంది. ఎందుకలా అన్నది రెండు పదార్థాలు కలిసే సరిహద్దులో తేలాలి.

ఏ సరిహద్దు దగ్గరైనా విద్యుత్ క్షేత్రాన్ని రెండు భాగాలుగా విడదీసి చూస్తారు. సరిహద్దు ఉపరితలం వెంబడి సాగే భాగాన్ని సమాంతర భాగం అంటారు, దానికి నిటారుగా గుచ్చుకునేదాన్ని లంబ భాగం అంటారు. ఈ రెండింటికీ నియమాలు వేరు.

సమాంతర భాగం సరిహద్దుకు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఒక చిన్న ఆవేశాన్ని ప్లాస్టిక్ వైపు సరిహద్దు పక్కనే కొంత దూరం నడిపి, గాలి వైపుకు దాటించి, అదే దారిన వెనక్కి తెచ్చామనుకోండి. రెండు వైపులా సమాంతర క్షేత్రం వేరైతే చుట్టు తిరిగిన ప్రతిసారీ కొంత శక్తి ఊరికే మిగలాలి. అలా మిగలదు కాబట్టి రెండూ సమానం కావలసిందే. ఏసీలో మారుతున్న అయస్కాంత క్షేత్రం కూడా ఈ లెక్కను చెడగొట్టదు. ఆ చుట్టును సరిహద్దుకు ఎంత దగ్గరగా నొక్కితే దాని వైశాల్యం అంత తగ్గి, చివరికి సున్నా అవుతుంది.

లంబ భాగం అలా సమానంగా ఉండదు. క్షేత్రంలో ఉన్న ప్లాస్టిక్ అణువుల్లో ధన, రుణ ఆవేశాలు కొద్దిగా పక్కకు జరుగుతాయి. ఈ జరుగుబాటు వల్ల ప్లాస్టిక్ లోపల క్షేత్రం బలహీనపడుతుంది. ఎంతగా అన్నది చెప్పే సంఖ్యే సాపేక్ష పర్మిటివిటీ. గాలికి అది దాదాపు 1, ఎక్స్‌ఎల్‌పీఈకి సుమారు 2.3. సరిహద్దు మీద విడిగా తెచ్చిపెట్టిన ఆవేశమేమీ లేకపోతే, పర్మిటివిటీని లంబ క్షేత్రంతో గుణించగా వచ్చే విలువ రెండు వైపులా ఒకటే. అంటే ప్లాస్టిక్‌లోంచి నిటారుగా గాలిలోకి దిగిన క్షేత్రం ఒక్కసారిగా 2.3 రెట్లు పెరుగుతుంది. మధ్యలో క్రమంగా పెరిగే మెట్లేమీ ఉండవు.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. 33 కేవీ వ్యవస్థలో ఒక ఫేజుకు, భూమికి మధ్య 19 కేవీ ఉంటుంది, ఏసీ శిఖరం దగ్గర అది 27 కేవీ అవుతుంది. కండక్టర్ వ్యాసార్ధం 12 మిల్లీమీటర్లు, ఇన్సులేషన్ మందం 8.8 మిల్లీమీటర్లు అనుకుందాం. క్షేత్రం ఈ మందమంతటా సమంగా పరచుకోదు. కండక్టర్ ఆనుకుని శిఖర విలువ మిల్లీమీటరుకు 4.1 కేవీ ఉంటే, పొర బయటి అంచుకు వచ్చేసరికి 2.4 కేవీకి తగ్గుతుంది. కాబట్టి బుడగకు అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు కండక్టర్ పక్కనే.

అక్కడ కండక్టర్ చుట్టుకు సమాంతరంగా పరచుకున్న, 0.2 మిల్లీమీటర్ల మందం గల పలచటి ఖాళీ ఉందనుకోండి. క్షేత్రం కండక్టర్ నుంచి బయటికి సాగుతుంది కాబట్టి ఈ ఖాళీ ముఖాలకు నిటారుగా తగులుతుంది. లంబ నియమం ప్రకారం లోపలి గాలిలో క్షేత్రం 4.1కి 2.3 రెట్లు, అంటే మిల్లీమీటరుకు సుమారు 9.4 కేవీ. గాలి మిల్లీమీటరుకు 3 కేవీ దగ్గర తెగుతుందని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది, కానీ అది సెంటీమీటర్ల వెడల్పున్న ఖాళీల మాట. ఖాళీ చిన్నదైతే గాలి ఎక్కువ తట్టుకుంటుంది. మామూలు పీడనం దగ్గర 0.2 మిల్లీమీటర్ల గాలికి ఆ హద్దు సుమారు 6.7 కేవీ. 9.4 దాన్ని దాటేసింది, కాబట్టి లోపల నిప్పురవ్వ పుడుతుంది.

అదే చోట ఖాళీ సూదిలా సన్నగా, క్షేత్రం సాగే దిక్కులోనే అర మిల్లీమీటరు పొడవుందనుకోండి. ఇప్పుడు దాని గోడలు క్షేత్రానికి సమాంతరం. సమాంతర నియమం ప్రకారం లోపలి క్షేత్రం పక్కనున్న ప్లాస్టిక్‌లో ఉన్నంతే, అంటే 4.1. అర మిల్లీమీటరు గాలి 5.1 వరకు ఓర్చుకుంటుంది కాబట్టి ఏమీ జరగదు. ఖాళీ గుండ్రంగా ఉంటే రెండు నియమాలూ ఒకేసారి పనిచేసి, క్షేత్రం 1.23 రెట్లు మాత్రమే పెరుగుతుంది. 0.2 మిల్లీమీటర్ల గుండ్రటి బుడగలో అది 5 కేవీ దగ్గర ఆగుతుంది, అక్కడి హద్దు 6.7. కేబుల్ ఒకటే, గాలి ఒకటే, వోల్టేజీ ఒకటే. పలచటి ఖాళీ కాలుతుంది, మిగతా రెండూ ఊరుకుంటాయి.

ఆ నిప్పురవ్వ కండక్టర్ నుంచి భూమిదాకా వెళ్లదు, ఖాళీ లోపలే పుట్టి చల్లారుతుంది. అందుకే దీన్ని పార్షియల్ డిశ్చార్జి అంటారు. చల్లారడానికి కారణం కూడా సరిహద్దులోనే ఉంది. రవ్వ పుట్టగానే ఎలక్ట్రాన్లు ఒక గోడకు, అయాన్లు ఎదుటి గోడకు చేరి అతుక్కుంటాయి. లంబ నియమంలో మనం లేదనుకున్న విడి ఆవేశం ఇప్పుడు సరిహద్దు మీదికి వచ్చింది. అది లోపలి క్షేత్రానికి ఎదురు నిలిచి దాన్ని తగ్గిస్తుంది. కానీ సెకనులో నూరోవంతు గడిచేసరికి ఏసీ దిశ తిరుగుతుంది. అప్పటిదాకా ఎదురు నిలిచిన ఆవేశమే కొత్త క్షేత్రానికి తోడవుతుంది. మళ్లీ రవ్వ. ఇలా సెకనుకు పదులు, వందల సార్లు జరుగుతూ గోడలను కొద్దికొద్దిగా కొరుకుతుంది. ప్లాస్టిక్‌లో చెట్టు కొమ్మల్లా సన్నని దారులు చీల్చుకుంటూ పోయి, ఒక కొమ్మ అవతలి అంచుకు చేరిన రోజున కేబుల్ పోతుంది.

దీన్ని ముందే పట్టుకోవడానికి ఫ్యాక్టరీలో కేబుల్‌కు మామూలు వోల్టేజీ కంటే ఎక్కువ, అంతర్జాతీయ ప్రమాణాల్లో 1.73 రెట్లు, ఇచ్చి రవ్వల కోసం వెతుకుతారు. ఒక్కో రవ్వ కదిలించే ఆవేశం పికోకూలంబుల్లో, అంటే కూలంబులో లక్షకోట్లవంతుల్లో ఉంటుంది. 10 పికోకూలంబుల పాటి సంకేతాన్నైనా పరికరం పసిగట్టగలగాలి. అంత ఎక్కువ వోల్టేజీ ఎందుకో మన లెక్కలోనే తెలుస్తుంది. గుండ్రటి బుడగలోని 5 కేవీని 1.73తో గుణిస్తే 8.6, సూది ఖాళీలోని 4.1ని గుణిస్తే 7.1. రెండూ హద్దులు దాటి రవ్వలు వేస్తాయి. పని వోల్టేజీ దగ్గర దాక్కున్న లోపాలు పరీక్షలో బయటపడతాయి.

ఫ్యాక్టరీ దాటి వచ్చిన కేబుల్‌కు మళ్లీ గాలి చేరే చోటు జాయింట్. కేబుల్ ఇన్సులేషన్‌కు లోపలా బయటా నల్లటి సెమీకండక్టింగ్ పొరలు ఉంటాయి. ప్లాస్టిక్‌కూ లోహానికీ మధ్య గాలి చిక్కినా అది ఈ నల్ల పొర వెనక, క్షేత్రం లేని చోట పడాలన్నది వాటి పని. జాయింట్ వేసేటప్పుడు బయటి నల్ల పొరను కొంత దూరం ఒలిచేయాలి. ఒలిచేటప్పుడు కత్తి లోతుగా దిగి ఎక్స్‌ఎల్‌పీఈ మీద గాటు పడితే, జాయింట్ గొట్టం తొడిగాక ఆ గాటులో గాలి మిగులుతుంది. గీత క్షేత్రానికి అడ్డంగా చుట్టూ తిరుగుతుంది కాబట్టి చెడ్డ ఆకారంలోనే మిగులుతుంది. అందుకే గీరిన చోటును సన్నని ఎమెరీ కాగితంతో నునుపు చేసి, శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు రాస్తారు. గ్రీజు పర్మిటివిటీ ప్లాస్టిక్‌కు దగ్గరగా ఉంటుంది, కాబట్టి దాన్ని దాటేటప్పుడు క్షేత్రం పెద్దగా ఎగరదు.

డీసీ దగ్గర ఈ లెక్క మారిపోతుంది. ఎక్స్‌ఎల్‌పీఈలో ఆవేశం కదలడానికి గంటలు పడుతుంది, 50 హెర్ట్జ్ ఏసీ అంత సమయం ఇవ్వదు. డీసీ ఇస్తుంది. గంటల తరబడి ఒకే దిక్కున వోల్టేజీ ఉంటే ఆవేశం నెమ్మదిగా పారి సరిహద్దుల్లో పేరుకుంటుంది, క్షేత్రాన్ని పంచేది పర్మిటివిటీ కాకుండా విద్యుత్ వాహకత అవుతుంది. పాత ఎక్స్‌ఎల్‌పీఈ కేబుళ్లను ఒకప్పుడు డీసీతో పరీక్షించేవారు. పరీక్షలో నెగ్గిన కేబుల్ లోపల ఆవేశం చిక్కుకుని ఉండిపోయి, తిరిగి ఏసీ ఇచ్చాక దానికి తోడై కేబుల్‌ను చెడగొట్టిన అనుభవాల తరవాత ఆ పద్ధతి తగ్గింది. ఇప్పుడు సెకనుకు 0.1 ఆవృత్తులతో, అంటే అయిదేసి సెకన్లకు దిశ మారే వోల్టేజీతో పరీక్షిస్తున్నారు.

అయస్కాంత క్షేత్రానికీ ఇలాంటి నియమాలే ఉన్నాయి, కాకపోతే ఇక్కడ విడి ఆవేశాల గొడవ లేదు. విడి అయస్కాంత ధ్రువం ఎక్కడా దొరకదు కాబట్టి, బి అని రాసే అయస్కాంత అభివాహ సాంద్రతలోని లంబ భాగం ఎప్పుడూ రెండు వైపులా సమానం. హెచ్ అని రాసే క్షేత్ర తీవ్రతలోని సమాంతర భాగం, ఉపరితలం మీద కరెంటు లేకపోతే సమానం. కంప్యూటర్ పవర్ సప్లైలోని చోక్ దీన్ని వాడుకుంటుంది. దాని ఫెర్రైట్ కోర్ చుట్టు పొడవు 100 మిల్లీమీటర్లు, సాపేక్ష పారగమ్యత 2000 అనుకుందాం. కోర్‌ను ఒకచోట కోసి 1 మిల్లీమీటరు గాలి వదిలితే, బి మారకుండా దాటాలి కాబట్టి గాలిలో హెచ్ 2000 రెట్లవుతుంది. ఆ 1 మిల్లీమీటరు గాలి 2000 మిల్లీమీటర్ల ఫెర్రైట్‌తో సమానం. 0.3 టెస్లాకు ఫెర్రైట్‌కు 12 ఆంపియర్-చుట్లు చాలు, గాలికి 239 కావాలి. చోక్ దాచుకునే శక్తిలో 95 శాతం ఆ ఖాళీలోనే ఉంటుంది.

కేబుల్ చేసేవారు గాలి మిగలకూడదని చూస్తారు, చోక్ చేసేవారు కావాలనే వదులుతారు. ఎక్కువ కరెంటు వచ్చినా ఫెర్రైట్ సంతృప్తమవకుండా ఆ ఖాళీ కాపాడుతుంది, ఇండక్టెన్స్ ఎంతో కూడా దాని మందమే నిర్ణయిస్తుంది. ఖరీదు మాత్రం ఉంది. ఖాళీ అంచుల దగ్గర అయస్కాంత రేఖలు పక్కకు ఉబ్బి, దగ్గరున్న రాగి తీగలో దొంగ కరెంటులు పుట్టించి వేడెక్కిస్తాయి. అందుకే చోక్ చుట్టేవారు ఖాళీ ఎదురుగా తీగను కొంత దూరం జరుపుతారు, లేదా ఒక్క పెద్ద ఖాళీ బదులు రెండు మూడు చిన్న ఖాళీలు వదులుతారు.