కరెంటు స్తంభాల మధ్య ఎంత ఎడం?

● మిలాన్‌లో లియొనార్డో డావిన్చీ వేసిన ‘లాస్ట్ సప్పర్’ గోడచిత్రంలో క్రీస్తు కుడి కణత దగ్గర చిన్న మేకు రంధ్రం ఉంది. గది గోడల గీతలు, పైకప్పు గీతలు అన్నీ అక్కడికే చేరతాయి. ఆ కిటుకు మనకూ పనికొస్తుంది. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి, కింది అంచుకు 10 సెం.మీ. పైన ఒక అడ్డగీత గీయండి. దాని మీద ఎడమ అంచు నుంచి 15 సెం.మీ. దగ్గర గుండుసూది గుచ్చండి. అదే వానిషింగ్ పాయింట్. ఇప్పుడు కాగితం రెండు పక్కల అంచుల మీద, కింది నుంచి 3 సెం.మీ. ఎత్తున చుక్కలు పెట్టి సూదికి కలిపితే రోడ్డు సిద్ధం.

● ఆ అడ్డగీత చూసేవారి కంటి ఎత్తు. చదునైన రోడ్డు మీద మీ అంత ఎత్తున్నవాళ్లు దగ్గరున్నా దూరమున్నా వాళ్ల కళ్లు ఆ గీత మీదే ఉంటాయి. దూరపు మనిషి తల గీత కిందికి జారితే, గుంతలో నిలబడ్డట్టు కనిపిస్తాడు.

● కరెంటు స్తంభాలను స్కేలుతో సమాన దూరంలో పెడితే, దూరం వెళ్లేకొద్దీ అవి ఎడమైపోతున్నట్టు ఉంటుంది. ఎడం ఎంతో ఒక ఏటవాలు గీతే చెబుతుంది. ఎడమ అంచుకు 3 సెం.మీ. దూరంలో, కింది నుంచి 6 సెం.మీ. ఎత్తున మొదలుపెట్టి 12 సెం.మీ. స్తంభం నిలపండి. దాని పైకొన, మొదలు, నడిమి చుక్క మూడింటినీ సూదికి కలపండి. మరో 3 సెం.మీ. అవతల పై గీతకూ కింది గీతకూ మధ్య రెండో స్తంభం గీయండి. మొదటి స్తంభం పైకొన నుంచి రెండోదాని నడిమి చుక్క మీదుగా గీత లాగితే, అది కింది గీతను తాకినచోట మూడోది. నాలుగోదీ అలాగే. కొలిచి చూడండి: ఎత్తులు 12, 9, 7.2, 6 సెం.మీ. రావాలి. తేడా వస్తే సూది దగ్గర స్కేలు జరిగిందన్నమాట.

● కుడివైపు, ఎడమ అంచు నుంచి 25 సెం.మీ. దగ్గర మొదలయ్యేలా ఓ దీర్ఘచతురస్రం గీయండి. అది మేడ ముందుగోడ. రోడ్డు వైపున్న దాని రెండు మూలలను సూదికి కలిపి, మేడ ఎంతవరకు కావాలో అక్కడ నిలువుగీత కొడితే పక్కగోడ వస్తుంది. పక్కగోడ నడుమ తలుపు పెట్టడానికి స్కేలుతో సగం కొలవకండి. గోడ నాలుగు మూలలను ఇంటూ గుర్తులా కలపండి. గీతలు ఖండించుకున్నచోటే అసలు నడుమ. కాగితం మీద అది దూరపు అంచుకే దగ్గరగా ఉంటుంది.

● రోడ్డు పల్లంలోకి దిగితే ఒక్క సూది చాలదు. రోడ్డు గీతలు అడ్డగీతకు దిగువన, మొదటి సూదికి సూటిగా కింద గుచ్చిన రెండో సూదికి చేరాలి. ఎగువకు ఎక్కే రోడ్డయితే రెండో సూది పైన. ఇళ్ల నేల సమతలమే కనుక వాటి గీతలు మాత్రం పాత సూదికే వెళ్తాయి. అందుకే పల్లపు వీధి బొమ్మలో ఒకే ఇంటి అరుగు ఎగువన పొట్టిగా, దిగువన పొడుగ్గా రావాలి.