వాన పడింది సరే, నేల మెత్తబడిందా?

జూన్‌లో తొలి వాన పడిన సాయంత్రం హైదరాబాద్‌లోనో కర్నూలులోనో ఏ మైదానంలోకి దిగినా గడ్డి నిగనిగలాడుతూ ఉంటుంది. పరిగెత్తిన ప్రతివాడూ జారుతుంటాడు. మర్నాడు వాళ్లలో ఒకరిద్దరు క్రీడా వస్తువుల దుకాణానికి వెళ్లి, వానకు పనికొచ్చే బూట్లు కావాలని అడుగుతారు. పొడవాటి ఇనుప స్టడ్లున్న జతను కొని తెచ్చుకుంటారు. ఆశ్చర్యమేమిటంటే, ఆ బూట్లతో మునుపటికంటే ఎక్కువగా జారతారు.

కారణం నేలలో ఉంది. మూడు నెలలు ఎండకు బిగుసుకుపోయిన మట్టి ఒక్క జల్లుకు నానదు. పైపైన పలచటి జిగట పొర ఏర్పడుతుంది, దాని కింద మట్టి ఎప్పటిలాగే గట్టిగా ఉంటుంది. స్టడ్డు పట్టు దొరకాలంటే అది మట్టిలోకి దిగాలి, దిగిన తర్వాత పక్కనున్న మట్టిని అడ్డంగా నెట్టాలి. దిగడానికి చోటు లేనప్పుడు పొడుగు స్టడ్డు పనికిరాదు సరికదా, ఆటగాణ్ణి కొయ్యకాళ్ల మీద నిలబెట్టినట్టు చేస్తుంది. గడ్డి తడి, నేల మెత్తదనం రెండూ వేరు వేరు విషయాలు. బూట్లు ఎంచుకోవాల్సింది రెండోదాన్ని బట్టి.

నేల గట్టిదనాన్ని కొలవడానికి ఒక పరికరం ఉంది. 1970లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో బేడెన్ క్లెగ్ అనే ఇంజనీరు తయారుచేశాడు కాబట్టి దాన్ని క్లెగ్ హ్యామర్ అంటారు. మైదానాల మీద ఎక్కువగా వాడే రకంలో రెండుంపావు కిలోల బరువును సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తునుంచి గొట్టంలో జారవిడుస్తారు. నేలను తాకి అది ఎంత హఠాత్తుగా ఆగిందో చూసి గట్టిదనాన్ని లెక్కగడతారు. మన ఊరి మైదానంలో అది దొరకదు గానీ, బండి తాళంచెవి దొరుకుతుంది. బొటనవేలితో దాన్ని మట్టిలోకి గుచ్చాలి. అర సెంటీమీటరు దగ్గరే మొరాయిస్తే, పైన ఎంత తడి ఉన్నా అది గట్టి నేలే. రెండు మూడు సెంటీమీటర్లు సులువుగా దిగితే మెత్తబడినట్టు. ఒక్కచోట గుచ్చి ఊరుకోకూడదు. గోల్‌పోస్టుల ముందు గడ్డి అరిగిపోయి నీళ్లు నిలుస్తాయి, అంచుల్లో గడ్డి ఒత్తుగా ఉంటుంది, మధ్యలో నేల తొక్కుడుకు గట్టిపడి ఉంటుంది.

బూట్లు వేసుకున్నాక ఇంకో పరీక్ష ఉంది. పది అడుగులు పరిగెత్తి, చటుక్కున ఆగి, వెనక్కి తిరిగి అడుగుజాడలు చూడాలి. స్టడ్ల గుర్తులు చిన్న చుక్కల్లా మాత్రమే పడ్డాయంటే అవి లోపలికి దిగడం లేదని అర్థం. అప్పుడు అరికాలికి స్టడ్ల ఒత్తిడి కూడా విడివిడిగా తెలుస్తుంది. గుంటలు పూర్తిగా పడి, సోల్ అచ్చు కూడా మట్టిలో కనబడి, పైగా బురద ఒరిపిడి చారలా సాగిందంటే స్టడ్లు పొట్టివైపోయాయి. గుంటలు శుభ్రంగా పడి, సోల్ నేలను ఆనీ ఆననట్టుగా ఉంటే ఆ పొడవు సరిపోయినట్టే.

ఫుట్‌బాల్ బూట్ల పెట్టె మీద రెండక్షరాల గుర్తు ఉంటుంది. ఎఫ్‌జి అంటే గట్టి సహజ నేలకు. సోల్‌తో కలిపి పోతపోసిన ప్లాస్టిక్ స్టడ్లు పది పన్నెండు వరకూ ఉంటాయి, పొడవు ఇంచుమించు సెంటీమీటరు. ఎస్‌జి అంటే మెత్తటి నేలకు. సాధారణంగా ముందు నాలుగు, మడమ దగ్గర రెండు, స్క్రూతో బిగించే లోహపు స్టడ్లు. ముందువి 13 మిల్లీమీటర్లు, వెనకవి 15 దాకా ఉండటం మామూలు. ఏజి అంటే కృత్రిమ గడ్డికి, పొట్టి స్టడ్లు ఎక్కువ సంఖ్యలో. టీఎఫ్‌లో సోల్ నిండా చిన్న రబ్బరు బుడిపెలుంటాయి. ఎస్‌జిలో స్టడ్లు ఆరే ఎందుకంటే, దూరదూరంగా ఉంటే మధ్యలో బురద ఇరుక్కోదు. కానీ గట్టి నేల మీద ఒంటి బరువంతా ఆ ఆరు బిందువుల మీదే పడుతుంది.

స్టడ్లు మార్చి ఆడటానికి అందరూ చెప్పుకునే ఉదాహరణ 1954 జులై 4న స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్. ఆ రోజు వాన. హంగరీ ఎనిమిది నిమిషాల్లోనే రెండు గోల్స్ కొట్టింది, చివరికి పశ్చిమ జర్మనీ 3–2తో గెలిచింది. జర్మన్ జట్టుకు బూట్లు కుట్టిన ఆది డాస్లర్ స్క్రూ స్టడ్లు ఇచ్చాడు. మైదానం నానడంతో పొడుగు స్టడ్లు బిగించుకుని ఆడారు. ఆ ఆలోచన మొదట ఎవరిదన్న దాని మీద ఇప్పటికీ వాదాలున్నాయి. గెలుపు మొత్తాన్నీ స్టడ్లకు కట్టబెట్టడం కూడా న్యాయం కాదు. అయినా ఆ కథలో పనికొచ్చే సంగతి ఒకటుంది. జర్మన్లు ఆ రోజు నేలను బట్టి పొడవును మార్చుకోగలిగారు.

మనకు సంబంధించిన ఉదాహరణ దానికి రెండేళ్ల ముందుది. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్లింది. జట్టులో పలువురు వట్టి కాళ్లతో ఆడారు. యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయాక దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. వట్టి కాలు పొడి నేల మీద బంతిని అద్భుతంగా అదుపు చేయగలదు. చలికి బిగుసుకుని, తడి గడ్డి మీద నిలదొక్కుకోవడం మాత్రం దానికి కష్టం.

పట్టు ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం ఇంకో ప్రమాదం. ముందుకు ఉరకడానికి, ఆగడానికి పట్టు కావాలి. ఒంటికాలి మీద గిర్రున తిరిగేటప్పుడు మాత్రం పాదం నేలనుంచి కాస్త వదులుగా రావాలి. పాదం ఇరుక్కుపోయి ఒళ్లు తిరిగితే ఆ మెలి మోకాలికి పోతుంది, లిగమెంట్ తెగుతుంది. అమెరికాలో ఫిలడెల్ఫియా పాఠశాలల అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద జోసెఫ్ టార్గ్, థియోడోర్ క్వెడెన్‌ఫెల్డ్ 1970ల ఆరంభంలో అధ్యయనం చేశారు. పొడవాటి స్టడ్లు ఏడున్న బూట్ల బదులు పొట్టివి పద్నాలుగున్న బూట్లు వాడినప్పుడు మోకాలి గాయాలు తగ్గాయి. గట్టి నేల మీద ఆడే మనవాళ్లకు ఈ ఫలితం సరిగ్గా వర్తిస్తుంది. గుండ్రటి స్టడ్లు పాదం తిరగడానికి పలకల్లాంటి బ్లేడు స్టడ్లకంటే సులువు కాబట్టి, వయసు పెరుగుతున్న పిల్లలకు గుండ్రటివే ఎంచుకోవడం మేలు.

గడ్డి రకం కూడా లెక్కలోకి వస్తుంది. ఆస్ట్రేలియా క్రీడావైద్యుడు జాన్ ఆర్చర్డ్ అక్కడి ఫుట్‌బాల్‌లో మోకాలి గాయాలను ఏళ్ల తరబడి పరిశీలించాడు. పొడి నేల మీదా, గరిక పెరిగే మైదానాల మీదా అవి ఎక్కువగా జరుగుతున్నట్టు గమనించాడు. గరిక వేళ్లూ కాడలూ అల్లుకుపోయి నేలపై ఒక చాపలా ఏర్పడతాయి. స్టడ్డు అందులో చిక్కుకుంటుంది. మన మైదానాల్లో చాలావాటి మీద పెరిగేది ఆ గరికే. అందుకే వాన తెరిపిచ్చి రెండు రోజులు ఎండ కాశాక ఆడేటప్పుడు పొడుగు స్టడ్లు వెంటనే తీసేయాలి. అప్పుడు జారే భయం పోతుంది, ఇరుక్కునే భయం మొదలవుతుంది.

ఇక చీలమండ. 2014 నుంచి సాక్సులా చీలమండ పైకి వచ్చే అల్లిక బూట్లు బాగా చలామణీలోకి వచ్చాయి. అవి చీలమండను కాపాడతాయని చాలామంది తల్లిదండ్రులు నమ్ముతారు. ఆ మెత్తటి అల్లిక పాదం లోపలికి మడతపడకుండా ఆపలేదు. నిజంగా పట్టుకునేది మడమ వెనక ఉండే గట్టి కప్పు. దుకాణంలో దాన్ని రెండు వేళ్లతో నొక్కి చూడాలి, సులువుగా నలిగిపోతే వద్దు. మ్యాచ్‌లో వేసుకునే సాక్సులతోనే బూటు తొడిగి, లేసులు బిగించి, మునివేళ్ల మీద లేవాలి. మడమ పైకి జారితే ఆ సైజు పెద్దది. తోలు తడిస్తే సాగుతుంది కాబట్టి, వానలో ఇంకా వదులవుతుంది. పొడుగు స్టడ్డు పాదాన్ని నేలనుంచి ఎత్తుగా నిలబెడుతుంది, ఎత్తు పెరిగేకొద్దీ పాదం ఒరిగినప్పుడు చీలమండ మీద పడే మెలి కూడా పెరుగుతుంది.

ఒకసారి బెణికిన చీలమండకు బూటు సరిపోదు. లేసులతో బిగించే బ్రేసు మళ్లీ బెణకడాన్ని తగ్గిస్తుందని పరిశోధనల్లో బలంగా తేలింది. టేపు కూడా పనిచేస్తుంది గానీ, చెమటకూ కదలికకూ ఆటలోనే చాలావరకు వదులవుతుంది. బ్రేసు వాడేవారు దాన్ని వెంట తీసుకెళ్లి, వేసుకుని మరీ బూటు సైజు చూసుకోవాలి.

క్రికెట్‌లో చిక్కు వేరు. ఫాస్ట్ బౌలర్ తడి ఔట్‌ఫీల్డ్ మీద పరిగెత్తుకొచ్చి, కవర్ల కింద పొడిగా దాచిన పిచ్ మీద కాలు వేస్తాడు. కొన్ని అడుగుల తేడాలో రెండు రకాల నేల. ముందరి కాలు పడే క్షణంలో దాని మీద పడే బలం ఒంటి బరువుకు ఐదారు రెట్లకు చేరుతుంది. అక్కడ జారితే చీలమండ, మోకాలు, నడుము మూడూ దెబ్బతింటాయి. అందుకే బౌలర్లు మడమకు కూడా ఇనుప స్పైకులున్న బూట్లే వేసుకుంటారు. రనప్ నుంచి వచ్చిన బురద స్పైకుల మధ్య నిండితే అవి ఉన్నా లేనట్టే, ఓవరుకోసారి గీకి తీసుకోవాలి. క్రీజు దగ్గర గుంటలు తడిస్తే రంపపు పొట్టు వేసుకోవడానికి నియమాలు అనుమతిస్తాయి. బ్యాటర్లలో చాలామంది ముందు స్పైకులు, మడమకు రబ్బరు ఉన్న సగం స్పైకుల రకాన్ని ఇష్టపడతారు. మ్యాటింగ్, సిమెంటు పిచ్‌ల మీద ఇనుము జారుతుంది, అక్కడ రబ్బరు స్టడ్లే వాడాలి.

ఎర్రమట్టి మీద గరిక పెరిగిన ఒకే మైదానాన్ని ఏడాదిలో మూడుసార్లు చూద్దాం. జూన్ తొలి వాన రోజున తాళంచెవి దిగదు, పొట్టి స్టడ్లు ఎక్కువున్న ఏజి లేదా ఎఫ్‌జి వేసుకోవాలి. ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టాక మడమతో నొక్కితే గుంటలో నీరు ఊరుతుంది, ఎస్‌జికి అదే అసలైన సమయం. అదే మైదానం నల్లరేగడి అయితే మట్టి అంటుకుని సోల్ బరువెక్కుతుంది, విరామంలో పుల్లతో గీకక తప్పదు. డిసెంబరు తెల్లవారుజామున మంచుకు గడ్డి తడిసి ఉంటుంది గానీ నేల గట్టిగానే ఉంటుంది, మళ్లీ పొట్టి స్టడ్లే.

ఒకే జత కొనగలిగిన ఫుట్‌బాల్ ఆటగాడు గుండ్రటి స్టడ్ల ఎఫ్‌జి తీసుకోవాలి. ఆగస్టులో కొద్దిగా జారుతుంది, మిగతా నెలల్లో మోకాలికి, పాదానికి మేలు. ఎస్‌జి కొనడం కోల్‌కతా లీగులాంటి వర్షాకాలపు పోటీలకు వెళ్లేవారికీ, ఏటా వారాల తరబడి నానిన నేల మీద ఆడేవారికీ మాత్రమే గిట్టుబాటవుతుంది. కృత్రిమ గడ్డి మైదానాల్లో లోహపు స్టడ్లను సాధారణంగా లోపలికే రానివ్వరు. మ్యాచ్ రోజున స్టడ్ల అంచులు అరిగి పదునెక్కాయేమో రిఫరీ చూసేలోపే వేలితో తడిమి, అరిగినవి మార్చుకోవాలి. విడి స్టడ్లూ, వాటిని బిగించే తాళంచెవీ కిట్‌లోనే ఉండాలి.