ఒకే పేరు, రెండు ప్లాన్లు

2020 ఏప్రిల్ 21న మైక్రోసాఫ్ట్ చిన్న వ్యాపారాల ప్లాన్ల పేర్లు మార్చింది. ధరలు, సదుపాయాలు మారలేదు.

ఒక్కొక్కరికి నెలకు 12.50 డాలర్లున్న ‘ఆఫీస్ 365 బిజినెస్ ప్రీమియం’ ఆ రోజు నుంచి ‘మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ స్టాండర్డ్’ అయింది. వదిలేసిన ‘బిజినెస్ ప్రీమియం’ పేరేమో 20 డాలర్ల ‘మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్’కు దక్కింది.

బేసిక్, స్టాండర్డ్, ప్రీమియం అనే వరుస కొత్తగా కొనేవారికి తేలిగ్గా అర్థమవుతుంది. చిక్కంతా పాత కాగితాలతోనే. 2019 నాటి కొటేషన్ చూసి అదే పేరుతో కొంటే, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లను దూరం నుంచి అదుపుచేసే ఇంట్యూన్ కలిసిన ఖరీదైన ప్లాన్ వస్తుంది.

పాత పేరును మరో ప్లాన్‌కు తగిలించకుండా పూర్తిగా విరమించి ఉంటే ఈ గందరగోళం తప్పేది.

లైసెన్సులు చూసే సిబ్బందికి నేటికీ స్టాండర్డ్ ప్లాన్ కోడ్ `O365_BUSINESS_PREMIUM` అనే కనిపిస్తుంది.