కారిన డీజిల్ లెక్క తేలాలి

పెట్రోలు బంకులో డీజిల్ ఒలికితే అందరూ ముందు చేసే పని, పైన ఇసుక చల్లి ఊడ్చేయడం. పైకి కనిపించే తడి పోతుంది. నేలలోకి ఇంకింది ఎన్ని లీటర్లు, అది ఎటు వెళ్లిందన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. దానికి జవాబు దొరక్కుండా శుద్ధి పద్ధతిని ఎంచుకుంటే డబ్బు ఒకచోట ఖర్చవుతుంది, డీజిల్ మరోచోట ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నంద్యాల వైపు నల్లరేగడి నేలలో, రోడ్డు పక్కన ఒక చిన్న బంకు. వేసవిలో ట్యాంకర్ నుంచి సరుకు దించుతుండగా గొట్టం ఊడి డీజిల్ పొంగింది. చలానాలోని లీటర్లను, దించకముందు, దించాక డిప్ రాడ్ చూపిన మట్టాలను సరిచూస్తే 600 లీటర్లు తక్కువ వచ్చాయి. ఇసుకతోను, బకెట్లతోను తిరిగి ఎత్తింది సుమారు 200. అంటే 400 లీటర్లు మట్టిలో ఉన్నాయి. లీటరు డీజిల్ బరువు దాదాపు 830 గ్రాములు కాబట్టి అది 330 కిలోలు. శాంపిళ్లు తీసేది ఈ 330 కిలోల ఆచూకీ కోసమే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాల ప్రకారం 165 లీటర్లు, అంతకు మించి ఒలికితే అధికారులకు తెలపాలి. కనుక ఈ ఘటనను దాచి ఉంచే వీలు లేదు.

డీజిల్ ఎటు పోతుందో తెలియాలంటే ఆ నేల ఎలా తయారైందో తెలియాలి. రేగడి వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో నెర్రెలిస్తుంది. అందుకే బంకు కట్టేటప్పుడు పై మట్టి తీసేసి మొరం నింపుతారు. మొరంలో డీజిల్ తేలిగ్గా దిగుతుంది. కింద రేగడి తగలగానే ఆగి, ఆ రెండు పొరల మధ్య పక్కలకు పాకుతుంది. పైపులు వేసిన కాలువలో ఇసుక నింపి ఉంటుంది కాబట్టి దాని వెంట ఇంకా దూరం పోతుంది. మొరం కింద రేగడి ఎండి నెర్రెలిచ్చి ఉంటే కొంత వాటిలోకి జారుతుంది. తొలకరి పడితే ఆ నెర్రెలు మూసుకుంటాయి, డీజిల్ లోపల చిక్కుకుంటుంది. వానల్లోపే మట్టి తీసి చూడాలన్న తొందరకు కారణం ఇదే.

కాబట్టి ఆవరణంతా గళ్లు గీసి, ప్రతి గడిలో ఒకే లోతున మట్టి తీస్తే సరిపోదు. మరక ఉన్నచోట ఒకటి, దాని చుట్టూ నాలుగు, పైపు కాలువ వెంట రెండు, వాననీరు బయటికి పోయే మోరీ దగ్గర ఒకటి చొప్పున గుంతలు వేయాలి. ఎగువన డీజిల్ సోకని చోట ఇంకొకటి వేయాలి. ప్రతి గుంతలో పైనుంచి అడుగు లోతున, మొరం రేగడిని కలిసే చోట, రేగడిలోకి మరో అడుగు దిగాక వేర్వేరుగా మట్టి తీయాలి. వీటిలో ఏ ఒక్కటి వదలాల్సి వచ్చినా, ఆ మధ్య పొరను మాత్రం వదలకూడదు.

పొలంలో భూసార పరీక్షకు నాలుగైదు చోట్ల మట్టి తీసి కలిపి ఒకే పొట్లం కట్టడం మన రైతులకు అలవాటు. అక్కడ అదే సరైన పద్ధతి. ఇక్కడ అలా కలిపితే ఒకచోట ఎక్కువగా ఉన్న డీజిల్ మిగతా మంచి మట్టిలో కలిసి పలచబడి, రిపోర్టు శుభ్రంగా వస్తుంది. ప్రతి శాంపిల్‌ను విడిగా గాజు సీసాలో నిండా నింపి, మంచులో పెట్టి, 14 రోజుల్లోపు ల్యాబ్‌లో పరీక్ష మొదలయ్యేలా పంపాలి. ప్లాస్టిక్ సంచులు పనికిరావు. వాసన చూసే మీటర్లు పెట్రోలును బాగా పట్టుకుంటాయి. డీజిల్ అంతగా ఆవిరవదు కాబట్టి మీటర్ తక్కువ చూపించినంత మాత్రాన మట్టి బాగుందని కాదు.

మన ఉదాహరణలో మరక కింద 11 ఘనపు మీటర్ల మొరంలో కిలో మట్టికి సగటున 8 గ్రాముల డీజిల్ తేలిందనుకుందాం. ఘనపు మీటరు మట్టి 1.7 టన్నులు. లెక్క కడితే 150 కిలోలు, అంటే 180 లీటర్లు. మొత్తంలో సగం కూడా రాలేదు. కంటికి కనిపించిన మరకను మాత్రమే తవ్విన వాళ్లు ఇక్కడే ఆగిపోతారు. పొరల మధ్య పాకింది 100 కిలోలు, పైపు కాలువలో 50 కిలోలు కలిపితే 300 కిలోలు తేలాయి. మిగతా 30 కిలోలు కొలతల తేడాలోను, నెర్రెల్లోను పోయి ఉండవచ్చు. ఇంత దగ్గరికి వస్తే ఇక పద్ధతి ఎంచుకోవచ్చు. సగమే తేలితే మాత్రం ఇంకా గుంతలు వేయాల్సిందే.

ఎంత శుభ్రం చేస్తే చాలు? నిపుణులు తరచు ఆధారం చేసుకునే నెదర్లాండ్స్ ప్రమాణంలో ఖనిజ తైలానికి జోక్యం చేసుకోవాల్సిన హద్దు కిలోకు 5,000 మిల్లీగ్రాములు. అయితే అది సేంద్రియ పదార్థం 10 శాతం ఉన్న మట్టికి చెప్పిన అంకె. మన మొరంలో అది 2 శాతం కూడా ఉండదు. ఆ ప్రమాణంలోనే ఉన్న సవరణ ప్రకారం హద్దు 1,000కి దిగుతుంది. ఈ సవరణ చేయని రిపోర్టులో 4,000 ఉన్న మట్టి కూడా పాసవుతుంది. అందుకే లక్ష్యం ఎంతో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలితో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

ఇక పద్ధతి. మట్టిలోంచి ఆవిరిని పీల్చే యంత్రాలు పెట్రోలుకు సరే, డీజిల్ వాటికి లొంగదు. బోర్ల ద్వారా నేలలోకి గాలి పంపి సూక్ష్మజీవులను పోషించే పద్ధతి మొరంలోను, ఇసుకలోను పని చేస్తుంది గాని తడి రేగడిలోకి గాలి దూరదు. తవ్విన మట్టిని పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపవచ్చు. కానీ 28 ఘనపు మీటర్లంటే 48 టన్నులు, నంద్యాల నుంచి లారీల్లో రాష్ట్రం అవతలి కొసకు. స్థలం దొరికితే, మండలి ఒప్పుకుంటే, మట్టిని తవ్వి పక్కనే కుప్ప వేసి శుద్ధి చేయడమే నా దృష్టిలో మేలు.

మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, చిల్లుల పైపులు అమర్చి, గడ్డలు చితక్కొట్టిన మట్టిని మీటరున్నర ఎత్తు మించకుండా పోయాలి. గుల్లదనానికి వరి ఊక కలిపి, చిన్న బ్లోయర్‌తో గాలి ఆడించి, పైన టార్పాలిన్ కప్పాలి. డీజిల్‌ను తినే సూక్ష్మజీవులు మట్టిలో సహజంగానే ఉంటాయి. వాటికి కరువయ్యేది గాలి, తేమ, నత్రజని, భాస్వరం. 300 కిలోల డీజిల్‌లో కార్బన్ దాదాపు 255 కిలోలు. దానికి నత్రజని పదో వంతు, భాస్వరం నూరో వంతు చొప్పున లెక్కిస్తే యూరియా 50 కిలోలు, డీఏపీ 12 కిలోలు చాలు. అంతా ఒకేసారి వేస్తే లవణాలు పెరిగి సూక్ష్మజీవులే దెబ్బతింటాయి. మూడు నాలుగు దఫాలుగా వేయాలి. మన ఎండలు ఈ పనికి కలిసొస్తాయి. అయినా కొన్ని నెలలు పడుతుంది.

ఇక్కడా ఒక మోసం జరగవచ్చు. కుప్పలో మంచి మట్టి కలిపితే అంకె తగ్గుతుంది, డీజిల్ తగ్గదు. పట్టుకోవడానికి దారి ఉంది. సూక్ష్మజీవులు డీజిల్‌లోని హెప్టాడెకేన్‌ను త్వరగా తింటాయి, ప్రిస్టేన్‌ను ఆలస్యంగా తింటాయి. ఒలికిన డీజిల్‌లో ఈ రెండింటి నిష్పత్తి ఎంతో మొదట్లోనే కొలిపించి పెట్టుకోవాలి. మొత్తం డీజిల్ తగ్గినా నిష్పత్తి మారలేదంటే మట్టి శుద్ధి కాలేదు, పలచబడింది.

ట్యాంకు పునాది కింద తవ్వలేం. అక్కడి ఇసుకలోకి గాలి పంపడమే దారి. మిగతా చోట తవ్విన గుంత అడుగు నుంచి, నాలుగు గోడల నుంచి విడివిడిగా శాంపిళ్లు తీసి పంపండి. ఏ గోడ ఫెయిలైతే ఆ వైపు ఇంకా తవ్వాలి. ఆ రిపోర్టులు చేతికి వచ్చేదాకా గుంత చుట్టూ కంచె వేసి, నీరు చేరకుండా చూసుకోండి. పూడ్చాలని కాంట్రాక్టర్ ఎంత తొందరపెట్టినా ఒప్పుకోవద్దు.