పోపుల డబ్బాలో నోటు ఎవరూ చూడలేదు

1937లో విడుదలైన ‘స్నో వైట్’ పూర్తికాక ముందే వాల్ట్ డిస్నీ దాన్ని స్టూడియో సిబ్బందికి చూపించి, అభిప్రాయాలు రాసిమ్మన్నారట. పేరు రాయని ఒక చీటీలో, మనం పొట్టి సినిమాలకే పరిమితమైతే మంచిదని ఉందని చెబుతారు. ఆ చీటీతో నవ్వుకోవచ్చుగానీ, ఏ సన్నివేశాన్ని సరిచేయాలో తెలియదు. తప్పు చీటీది కాదు, ప్రశ్నది.

బొమ్మల సినిమాకు రంగులూ కదలికలూ పూర్తిగా దిద్దకముందే యానిమాటిక్ తయారవుతుంది. గీతబొమ్మలను వరుసగా పేర్చి, తాత్కాలికంగా శబ్దం జోడించిన చిత్తుప్రతి అది. ఈ దశలో ఒక షాట్ మార్చడానికి పూట చాలు. తర్వాత అదే మార్పుకు వారాలు పట్టవచ్చు. కథ తెలియని అయిదారుగురిని పిలిచి చూపించాల్సింది ఇప్పుడే.

మాటల్లేని నాలుగు నిమిషాల సినిమా ఒకటి ఊహించుకుందాం. నాయనమ్మ పోపుల డబ్బాలో దాచుకున్న నోటును మనవడు తీసి గాలిపటం కొంటాడు. డబ్బు కనపడక ఆమె కోడలిని అనుమానిస్తుంది.

ప్రదర్శనకు ముందు ‘ఇవి చిత్తుబొమ్మలే’ అని చెబితే చాలు, కథ చెప్పకూడదు. అయ్యాక ‘అర్థమైందా?’ అని అడిగితే మొహమాటానికి అందరూ తలూపుతారు. అందుకే మొదటి ప్రశ్న: ‘ఏం జరిగిందో మీ మాటల్లో రాయండి.’ తర్వాత: ‘ఎక్కడ తికమకపడ్డారు?’ చర్చ మొదలుకాకముందే ఎవరికి వారు రాయాలి. గదిలో గట్టిగా మాట్లాడే ఒక్కరు చాలు, మిగతావాళ్ల జ్ఞాపకం మారిపోవడానికి.

ఆరుగురిలో నలుగురు ‘ముసలావిడ ఊరికే కోడలిమీద విరుచుకుపడింది’ అని రాశారనుకోండి. దర్శకుడి చెయ్యి వెంటనే నాయనమ్మ ముఖం మీదికి పోతుంది, కోపం తగ్గిద్దామని. తొందరపడకూడదు. ప్రేక్షకుడు తికమకపడ్డానని చెప్పే చోటు ఒకటి, దానికి కారణమైన చోటు మరొకటి కావడం మామూలే. ఇక్కడ అడగాల్సిన మూడో ప్రశ్న: ‘గాలిపటానికి బాబుకి డబ్బెక్కడిది?’ దీన్ని చివర్లోనే అడగాలి, ముందే అడిగితే జవాబు అందించినట్టే. ‘వాళ్ల నాన్న ఇచ్చాడేమో’ అని ఎక్కువమంది రాస్తే దొంగ దొరికినట్టే.

వెనక్కి వెళ్లి చూస్తే, నోటు తీసే షాట్ పన్నెండు ఫ్రేములే, అంటే అర సెకను. పైగా అదే సమయంలో మరో మూలన పిల్లి గెంతుతోంది. కళ్లన్నీ అటే పోయాయి. పిల్లిని కూర్చోబెట్టి, చేతిని దగ్గరగా చూపిస్తూ షాట్‌ను ముప్పైఆరు ఫ్రేములకు పెంచితే నాయనమ్మ ముఖంలో ఒక్క గీతా మార్చక్కర్లేదు.

ఒక్కరే గమనించకపోతే అది వారి పరధ్యానం కావచ్చు, దానికోసం షాట్ మార్చనక్కర్లేదు. మార్చినదాన్ని పాత ఆరుగురికే చూపిస్తే ప్రయోజనం లేదు, వాళ్లకిప్పుడు నోటు సంగతి తెలుసు. మళ్లీ కొత్తవాళ్లు కావాలి. నాయనమ్మ కళ్లలో పశ్చాత్తాపం పలికిందా అన్న ప్రశ్నను మాత్రం ఈ ప్రదర్శనలో అడగకపోవడమే మేలు. ఆ కళ్లు ఇంకా రెండు చుక్కలే.