పృథివీనా, పృథ్వీనా?

తాటాకు మీద ‘పృ’ అన్న అక్షరం దగ్గర పురుగు తొలిచిన చిల్లు ఉంది. చిల్లు దాటాక ‘పాలయన్ నృపః’ అని స్పష్టంగా కనిపిస్తోంది. నేలను ఏలుతున్న రాజు అన్నమాట. (ఈ వ్యాసంలోని పాదాలన్నీ ఉదాహరణ కోసం నేను కట్టినవే.) పోయిన మాట ‘పృథివీం’ కావచ్చు, ‘పృథ్వీం’ కావచ్చు. రెండింటికీ భూమి అనే అర్థం కాబట్టి అర్థాన్ని పట్టుకుని తేల్చలేం.

అనుష్టుప్ శ్లోకంలో పాదానికి ఎనిమిది అక్షరాలు. లెక్కకు వచ్చేది అచ్చు ఒక్కటే. పొల్లు హల్లుకూ విసర్గకూ విడిగా లెక్క లేదు. పృ, థి, వీం, పా, ల, యన్, నృ, పః. సరిగ్గా ఎనిమిది వచ్చాయి. ‘పృథ్వీం’ పెడితే ఏడే. కాబట్టి చిల్లులో పోయింది ‘పృథివీం’ అనుకోవచ్చు.

రెండు పాఠాల్లోనూ అక్షరాల సంఖ్య ఒకటే అయితే? ‘తదా రాజ్ఞః సుతోఽబ్రవీత్’ అన్నచోట కొమ్ముకు దీర్ఘం ఉందో లేదో చెరిగిపోయిందనుకోండి. ‘సుతో’ అయితే పలికింది రాజుగారి కొడుకు, ‘సూతో’ అయితే సారథి. కథే మారిపోతుంది! ఎటు చదివినా ఎనిమిదే. అప్పుడు గురులఘువులు చూడాలి. మామూలుగా పాదంలో ఐదో అక్షరం లఘువు, ఆరోది గురువు. ఇక్కడ ఐదోది మన అనుమానపు అక్షరమే, అది లఘువు కావాలి కనుక ‘సుతో’. మాట్లాడింది కొడుకే.

అదే మాట పాదం మొదట్లో ఉంటే ఈ ఉపాయం పనిచేయదు. ‘సూతో రాజ్ఞస్తదాబ్రవీత్’, ‘సుతో రాజ్ఞస్తదాబ్రవీత్’ రెండూ ఛందస్సుకు ఒప్పేవే, ఎందుకంటే మొదటి అక్షరం గురువైనా లఘువైనా చెల్లుతుంది. అక్కడ కథాసందర్భాన్నీ ఇతర ప్రతులనూ చూడాల్సిందే.

లెక్క తప్పిందని వెంటనే మాట మార్చకూడదు. ముందు సంధి చూడాలి. రాతగాడు పైపాదాన్ని ‘తదా అబ్రవీత్’ అని విడగొట్టి రాస్తే తొమ్మిది వస్తాయి, కలిపితే ఎనిమిదే. వేదమంత్రాల్లో ఇంకో చిక్కు ఉంది. గాయత్రీ మంత్రం మొదటి పాదంలో రాసినట్టు లెక్కిస్తే ఏడే తేలతాయి. ‘వరేణ్యం’ను ‘వరేణియం’గా పలికితే ఎనిమిది నిండుతాయి. అక్కడ రాతలో తప్పేమీ లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మహాభారతం. పుణేలోని భండార్కర్ సంస్థ ఎన్నో ప్రతులను పోల్చి పరిష్కరించిన ఆ గ్రంథంలో తొమ్మిది అక్షరాల పాదాలు కనిపిస్తాయి. ప్రధాన సంపాదకుడు వి.ఎస్. సుక్తంకర్ గమనించినదేమిటంటే, అలాంటి పాదాలు కంటపడితే లేఖకులు తమకు తోచినట్టు ఎనిమిదికి సరిచేసేవారు. అంటే ఒక ప్రతిలో తొమ్మిదీ మరోదానిలో ఎనిమిదీ ఉన్నప్పుడు, లెక్కకు సరిపోయిందే తర్వాత దిద్దిన పాఠం కావచ్చు. అందుకే పరిష్కర్త ఒక్కోసారి లెక్క తప్పిన పాఠాన్నే పైన ఉంచి, సరిపోయినదాన్ని అధోజ్ఞాపికలోకి దించుతాడు.