గీతల్లో చేరే పౌడరు: యాభై దాటాక బేస్ మేకప్

కాటుక, లిప్‌స్టిక్, బ్లష్ లాంటివి వేసే ముందు ముఖమంతా ఒకే రంగులో కనిపించేలా పరిచే పొరను బేస్ అంటారు. మాయిశ్చరైజరు, ప్రైమరు, ఫౌండేషను, కన్సీలరు, ఆఖరున పౌడరు ఇందులోకి వస్తాయి. యాభై దాటిన ముఖం మీద ఈ పొర చెడిందంటే చాలాసార్లు తప్పు ఆఖరి మెట్టు దగ్గర, అంటే పౌడరు దగ్గరే ఉంటుంది. పాతికేళ్ళ వయసులో ముఖానికి నునుపు తెచ్చిన పౌడరే ముప్ఫై ఏళ్ళ తర్వాత కంటి కింద, పెదవుల చుట్టూ గీతల్లో చేరి, లేని ముడతల్ని కూడా ఉన్నట్టు చూపిస్తుంది. పౌడరు మారలేదు, దాని కింద ఉన్న చర్మం మారింది.

ఆ మార్పులో మేకప్‌కి సంబంధించినవి మూడున్నాయి. ముట్లు ఆగిపోయే వయసు దాటాక స్త్రీల చర్మంలో నూనె ఊరడం బాగా తగ్గుతుంది. చర్మం లోపలి పొరలో బిగువునిచ్చే కొలాజెన్ తరగడంతో, నవ్వినప్పుడు పడే మడత నవ్వు ఆగాక కూడా పూర్తిగా పోదు. ఇక పైపొరలోని పాత కణాలు రాలి కొత్తవి రావడానికి వయసులో నెల రోజులు పడితే, తర్వాత అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. అందువల్ల ఎండిన కణాలు పైన నిలిచిపోయి, చేత్తో తడిమితే కాస్త గరుకుగా తగులుతుంది. కొందరికి బుగ్గల పక్కన, పై పెదవి మీద సన్నని నూగు కూడా పెరుగుతుంది. పౌడరు ఆ నూగుకి అంటుకుని పక్కనుంచి వెలుగు పడగానే తెల్లగా బయటపడుతుంది.

ముఖానికి వాడే పౌడర్లలో ఎక్కువగా ఉండేవి టాల్క్, మైకా, సిలికా, మొక్కజొన్న పిండి. జిడ్డును పీల్చి మెరుపు తగ్గించడం వీటి పని. పీల్చడానికి జిడ్డు లేని చోట ఇవి ఫౌండేషన్‌లోని నూనెను, తడిని పీల్చేస్తాయి. అప్పటిదాకా చర్మంతో పాటు సాగుతూ ముడుచుకుంటూ ఉన్న పొర బిర్రబిగుస్తుంది. ముఖం మాత్రం కదలడం మానదు. మాట్లాడినా, నవ్వినా, కళ్ళు చికిలించినా కన్ను కింద చర్మం ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడంలో మేకప్ మడతలోకి జరిగి పోగుపడుతుంది. చర్మం మళ్ళీ సాగినప్పుడు అది వెనక్కి పరుచుకోలేదు. ఎండాకాలంలో చెరువు అడుగున మన్ను బీటలు వారినట్టు అక్కడ పగుళ్ళు తేలతాయి. మేకప్ వేసిన వెంటనే అద్దంలో ఇది కనిపించకపోవచ్చు. గంటో రెండు గంటలో గడిచాక బయటపడుతుంది, అప్పటికి మనిషి ఫంక్షన్ హాల్లో ఉంటుంది.

దీనికి వెలుగు కూడా తోడవుతుంది. సన్నని గీత కనిపించేది దానికి వేరే రంగు ఉన్నందువల్ల కాదు, అందులో నీడ పడుతుంది కాబట్టి. మచ్చను రంగుతో కప్పవచ్చు గానీ నీడను రంగుతో కప్పలేం. గీత మీద ఎంత మందంగా పూస్తే దాని అంచులు అంత స్పష్టంగా తేలతాయి. వయసు పైబడిన చర్మానికి బేస్ ఎంచుకోవడంలో తక్కిన సూత్రాలన్నీ ఇక్కడినుంచే వస్తాయి. రంగు తేడా ఉన్నచోట కప్పాలి, గీతలున్నచోట వీలైనంత పలచగా వదిలేయాలి.

తెలుగు ఇళ్ళలో స్నానం చేసి ముఖానికి ఇంత పౌడరు అద్దుకోవడం పాత అలవాటు. ఆ డబ్బాలో ఉండేది ఒంటికి రాసుకునే టాల్కం పౌడరు. చెమట పీల్చడానికి, సువాసనకు చేసింది అది. చామనఛాయ ముఖం మీద బూడిద రంగుగా తేలుతుంది, ఫౌండేషన్ మీద వేస్తే అట్ట కడుతుంది. రెండో అలవాటు ఈమధ్య వీడియోల ద్వారా వచ్చింది. కంటి కింద పౌడరును మందంగా పోసి 5 నుంచి 10 నిమిషాలు ఉంచి దులిపేయడాన్ని బేకింగ్ అంటారు. రంగస్థలం మీద ఘాటైన దీపాల కింద గంటల తరబడి నిలబడే వాళ్ళకోసం పుట్టిన పద్ధతి ఇది. ముఖం మీద గీతల్లేని ఇరవయ్యేళ్ళ పిల్లకు పనికొస్తుందేమో గానీ, ఆమె తల్లికి కాదు.

ఫౌండేషన్ ఎంపికలో మొదట చూడవలసింది దాని రూపం. కాంపాక్ట్‌లా నొక్కి ఇచ్చే పౌడరు ఫౌండేషన్ పొడి చర్మానికి తగదు. పలచటి లిక్విడ్, సీరమ్ ఫౌండేషన్, లేదా స్కిన్ టింట్ తగినవి. డబ్బా మీద ‘మ్యాట్’, ‘ఆయిల్ కంట్రోల్’, ‘24 గంటలు నిలుస్తుంది’ అని రాసినవి జిడ్డు ముఖాల కోసం చేసినవి, ఎండగానే బిగుస్తాయి. ‘శాటిన్’ అని రాసినది మేలు. ‘డ్యూయీ’ అనేవి తడిగా మెరుస్తాయి. కొద్ది మెరుపు వయసును దాచినా, అభ్రకం మెరుపు ఎక్కువైతే గీతలు, రంధ్రాలు మళ్ళీ తేలతాయి. వెనక ముద్రించిన పదార్థాల పట్టిక ఇంతకంటే నమ్మకమైనది. ఎక్కువ మోతాదులో ఉన్నవి ముందు, తక్కువవి తర్వాత రాయడం రివాజు. మొదటి ఐదారు పేర్లలో గ్లిజరిన్, స్క్వాలేన్ లాంటివి ఉంటే అది తడిని పట్టి ఉంచే రకం. అదే చోట ఆల్కహాల్ డినాట్, సిలికా, కయొలిన్ కనిపిస్తే పెట్టెలోనే వదిలేయవచ్చు.

షేడును చేతి వెనక వేసి చూడటం దుకాణాల్లో మామూలే, అయినా చేతి రంగు ముఖం రంగు ఒకటి కావు. దవడ అంచున మూడు షేడ్లు పక్కపక్కన గీసి, బయట పగటి వెలుతురులో చూస్తే మెడలో కలిసిపోయేది ఏదో తెలుస్తుంది. వెంటనే నిర్ణయించకుండా అరగంట ఆగాలి, ఎందుకంటే కొన్ని ఫౌండేషన్లు ఆరాక ఒక మెట్టు ముదురవుతాయి. తెలుపు మోజుతో రెండు మెట్లు తేలిక షేడు కొనడం ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. అది చర్మాన్ని తెల్లగా చూపదు, బూడిద పూసినట్టు చూపుతుంది, గీతల్లో చేరినప్పుడు తెల్లటి దారాల్లా కనిపిస్తుంది.

ఒక పెళ్ళి సందర్భం తీసుకుంటే వరస అర్థమవుతుంది. పెళ్ళికొడుకు తల్లి, 58 ఏళ్ళు, పొడి చర్మం, బుగ్గల మీద మంగు, కళ్ళ కింద నలుపు. ముహూర్తం ఉదయం 10 గంటలకు. హాల్లో ఏసీ, మండపంలో హోమం పొగ, ఎదురుగా వీడియో లైట్లు. ఏడున్నరకు ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజరు రాసి 10 నిమిషాలు వదిలేయాలి. ఇంకక ముందే పైన ఫౌండేషన్ వేస్తే అది జారి గీతల్లోకి పోతుంది. మిగిలిన జిడ్డును టిష్యూతో ఒకసారి అద్ది తీయాలి, రుద్దకూడదు. ప్రైమరు వాడితే ముఖమంతా అక్కర్లేదు, ముక్కు పక్కన రంధ్రాలున్నచోట, నవ్వు గీతల దగ్గర పెసరగింజంత చాలు. ప్రైమర్లలో సాధారణంగా ఉండే డైమెథికోన్ సన్నని గుంతల్ని తాత్కాలికంగా నింపి, నీడను కొంత తగ్గిస్తుంది.

తర్వాత మంగు, కంటి నలుపు. వాటిని ఫౌండేషన్‌తోనే కప్పాలంటే మూడు పొరలు పడతాయి. అందుకని మొదట నారింజ ఛాయ ఉన్న కరెక్టరును ఆ మచ్చల మీద మాత్రమే వేలితో అద్దాలి. నారింజ రంగు నలుపులోని నీలి ఛాయను విరిచేస్తుంది కాబట్టి పైన పలచటి పొర సరిపోతుంది. ఫౌండేషన్ బఠాణీ గింజంత తీసుకుని ముఖం మధ్యలో పెట్టి, తడిపి గట్టిగా పిండిన స్పాంజితో బయటికి అద్దుకుంటూ పోవాలి. చెవుల దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగలకపోయినా ఫరవాలేదు. కన్సీలరు కంటి లోపలి మూలన, నలుపు ఎక్కువున్నచోట ఒక చుక్క. బయటి మూలన గీతలుంటాయి కనుక అక్కడికి తీసుకుపోకూడదు.

అసలు కీలకం దీని తర్వాత వచ్చే రెండు నిమిషాలు. ఆమెను నవ్వమనాలి, మాట్లాడించాలి. మేకప్ ఎక్కడ మడతపడుతుందో అప్పుడే తెలుస్తుంది. పైకి చూడమని, ఆ మడతల్ని ఉంగరం వేలితో మెల్లగా అద్ది సరిచేసి, వెంటనే చిన్న బ్రష్‌తో పౌడరు వేయాలి. బ్రష్‌ను పౌడర్లో ముంచి, డబ్బా అంచున తట్టి, మిగిలింది మాత్రమే వాడాలి. ముక్కు పక్కలు, నుదుటి నడుమ, గడ్డం, ఈ మూడు చోట్లు చాలు. బుగ్గల మీద, కళ్ళ పక్కన వద్దు. సిలికా ఎక్కువున్న ‘ట్రాన్స్‌లూసెంట్’ పౌడరు మందంగా పడితే ఫ్లాష్ ఫోటోల్లో తెల్లటి మచ్చలుగా తేలుతుంది. ఆల్బమ్ వచ్చేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు, అందుకే ఇంట్లోనే ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసి చూసుకోవాలి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. మే నెలలో విజయవాడలోనో కాకినాడలోనో, ఏసీ లేని పందిట్లో పౌడరు బొత్తిగా లేకపోతే చెమటకు ఫౌండేషన్ కారుతుంది. అక్కడ మేకప్ అంతటినీ పలచన చేసి, సెట్టింగ్ స్ప్రే కొట్టి, చెమట పట్టినప్పుడల్లా టిష్యూతో అద్దడం తప్ప మంచి దారి లేదు. అరవైలో కూడా ముక్కు, నుదురు జిడ్డోడే వాళ్ళుంటారు, వాళ్ళకు ఆ చోట్లలో పౌడరు కాస్త ఎక్కువే కావాలి. లోతైన ముడతల్ని మాత్రం ఏ బేస్ దాచలేదు.

మేకప్ చెడినప్పుడు అది చెడిన తీరే కారణం చెబుతుంది. రాస్తుంటేనే చిన్న ఉండలుగా లేస్తే, కింద మాయిశ్చరైజరు ఇంకలేదు, లేదా సిలికోన్ ప్రైమరు మీద నీటి ఫౌండేషన్ పడింది. ముక్కు పక్కన పొట్టులా లేస్తే చర్మం ఎండి ఉంది. గంటలోపే నవ్వు గీత దగ్గర బీట పడితే పొర మందమైంది. బీట పడ్డాక చాలామంది పర్సు తెరిచి కాంపాక్ట్ పఫ్‌తో మళ్ళీ అద్దుతారు, దాంతో పగులు ఇంకా లోతుగా కనిపిస్తుంది. చేయవలసింది దానికి తలకిందులు. ఆ గీతలో చేరినదాన్ని శుభ్రమైన వేలితో తీసేసి, వేలికి ఇసుమంత మాయిశ్చరైజరు రాసుకుని, అరచేతిలో వెచ్చబరచి, అక్కడ మెల్లగా నొక్కాలి. అర నిమిషంలో పొర మళ్ళీ మెత్తబడుతుంది. పర్సులో పఫ్ ఉండవలసిన చోట నాలుగు టిష్యూలు, చిటికెడు మాయిశ్చరైజరు ఉన్న చిన్న డబ్బా ఉంటే చాలు.